గ్లూకోజ్ మ్యుటారొటేషన్: నాలుగు మార్కుల జవాబు వెనక 80 ఏళ్ళ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం ఒక్క పరీక్ష జవాబు మీదే. ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీలో బయోమాలిక్యూల్స్ చాప్టర్ చదివినవాళ్ళకి ఈ ప్రశ్న గుర్తుండే ఉంటుంది: "గ్లూకోజ్ వలయ నిర్మాణాన్ని, మ్యుటారొటేషన్‌ను వివరించుము." జవాబు కూడా దాదాపు అందరికీ ఒకటే. ఆల్ఫా గ్లూకోజ్‌ని నీళ్ళలో కరిగిస్తే విశిష్ట భ్రమణం +112 డిగ్రీల దగ్గర మొదలై మెల్లగా +52.5కి దిగుతుంది. బీటా గ్లూకోజ్‌ని కరిగిస్తే +19 దగ్గర మొదలై అదే +52.5కి ఎక్కుతుంది. దీన్నే మ్యుటారొటేషన్ అంటారు. కింద ఆరు మూలల బొమ్మ ఒకటి గీసి, పేజీ తిప్పేస్తాం.

నేను బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి, కెమిస్ట్రీ మేష్టారిని కాను. కానీ చరిత్ర వీడియోలు చేయడం మొదలుపెట్టాక ఒక అలవాటైంది. పాఠ్యపుస్తకంలో ఏదైనా వాక్యం మరీ నున్నగా కనిపిస్తే, అది అంత నున్నగా అవడానికి ఎంతమంది కొట్టుకున్నారో వెతుకుతాను. ఈ జవాబు విషయంలో ఆ లెక్క 1846 నుంచి 1926 దాకా, అంటే కచ్చితంగా 80 ఏళ్ళు వచ్చింది.

ముందు ఆ డిగ్రీలు దేనివో చూద్దాం. మామూలు కాంతి తరంగాలు అన్ని దిక్కుల్లోనూ కంపిస్తాయి. ఒకే తలంలో కంపించే కాంతిని ధ్రువణ కాంతి అంటారు. 1815లో ఫ్రాన్స్‌లో జాన్ బాప్టిస్ట్ బయో అనే ఆయన, కొన్ని ద్రవాల్లోంచి ఈ కాంతిని పంపిస్తే ఆ తలం కొంత పక్కకి తిరుగుతోందని గమనించాడు. టర్పెంటైన్ తిప్పింది, పంచదార నీళ్ళు కూడా తిప్పాయి. ఎంత తిప్పిందో కొలిచే పరికరమే పోలారిమీటర్. గొట్టంలో ఎంత పదార్థం ఉంటే అంత తిప్పుతుంది కాబట్టి, ఇది వెంటనే వ్యాపారానికి పనికొచ్చింది. అప్పట్లో ఫ్రాన్స్‌లో బీట్ దుంపల నుంచి పంచదార తీసే ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. రసంలో ఎంత పంచదార ఉందో కాంతితో కొలిస్తే చాలు, ఎండబెట్టి తూకం వేయక్కర్లేదు. ఆ అంకె మీద డబ్బు ఆధారపడి ఉంది. అంకె నిలకడగా ఉండాలి.

సరిగ్గా అక్కడే తేడా కొట్టింది. ఆగస్టిన్ పియర్ డ్యూబ్రన్‌ఫో అనే ఆయన పంచదార పరిశ్రమలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త. 1846లో ఆయన గ్లూకోజ్ ద్రావణాన్ని కొలుస్తుంటే రీడింగ్ ఒకచోట ఆగలేదు. మన అంకెలతో చెప్పుకుందాం. 10 గ్రాముల గ్లూకోజ్‌ని నీళ్ళలో కరిగించి మొత్తం 100 మిల్లీలీటర్లు చేసి, 10 సెంటీమీటర్ల గొట్టంలో పోశాం అనుకోండి. కరిగిన వెంటనే చూస్తే కాంతి సుమారు 11.2 డిగ్రీలు తిరుగుతుంది. కాసేపయ్యాక చూస్తే తగ్గి ఉంటుంది. గది ఉష్ణోగ్రతలో గంటలు గడిచాక 5.25 దగ్గర స్థిరపడుతుంది. సీసాలో కొత్తగా ఏమీ కలపలేదు, ఏమీ తీయలేదు. గ్లూకోజ్ పాడవలేదు కూడా, ఎండబెడితే మళ్ళీ గ్లూకోజే వస్తుంది. మరి సగానికి పైగా తిరుగుడు ఎక్కడికి పోయింది?

మొదటి అంకె చివరి అంకెకి రెండింతలు ఉంది కదా, అందుకని దీనికి "బైరొటేషన్" అని పేరు పెట్టారు, అంటే రెట్టింపు భ్రమణం. ఈ పేరే జనాన్ని కొంతకాలం దారి తప్పించిందని నా అభిప్రాయం. 112ని 52.5తో భాగిస్తే 2.13 వస్తుంది. అది రెండుకి దగ్గరగా ఉండటం ఉట్టి యాదృచ్ఛికం, అందులో ఏ రహస్యమూ లేదు. పాలలో ఉండే లాక్టోజ్ కూడా ఇలాగే మారుతుంది, కానీ దాని నిష్పత్తి రెండు కాదు. అయినా పేరు అతుక్కుపోయింది. గ్లూకోజ్ నీటితో కలిసి హైడ్రేట్‌గా మారుతోందేమో అనే వివరణ కూడా వచ్చింది. విషయం మాత్రం తేలలేదు.

ఇప్పుడు కథలోకి పెద్దాయన వస్తాడు, ఎమిల్ ఫిషర్. 1891 నాటికి గ్లూకోజ్ అణువులో ఆరు కార్బన్లు ఒక గొలుసులా ఉన్నాయని, ప్రతి కార్బన్ మీద ఓహెచ్ గుంపు ఎటువైపు ఉందో కూడా ఆయన తేల్చేశాడు. పైన ఆల్డిహైడ్, కింద ఆల్కహాల్, మధ్యలో కుడి, ఎడమ, కుడి, కుడి. మనం పరీక్షలో నిలువుగా గీసే గొలుసు అదే. 1902లో నోబెల్ వచ్చింది. కానీ ఈ గొలుసు బొమ్మ డ్యూబ్రన్‌ఫో చూసిన మార్పుని వివరించలేదు. ఒకే గొలుసు, ఒకే అమరిక అయితే ఒకే భ్రమణం ఉండాలి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆల్డిహైడ్ అన్నాక షిఫ్ పరీక్షలో గులాబీ రంగు రావాలి, NaHSO3తో కలిసి స్ఫటికాలు ఇవ్వాలి. గ్లూకోజ్ రెండూ చేయదు. ఈ రెండు పాయింట్లు మీ జవాబులో "వివృత శృంఖల నిర్మాణానికి అభ్యంతరాలు" అనే హెడ్డింగ్ కింద ఉంటాయి చూడండి, అవే ఇవి.

దీనికి జవాబు అప్పటికే ఒకాయన సూచించి ఉన్నాడు. 1883లో జర్మనీకి చెందిన బెర్నార్డ్ టోలెన్స్, అదే మన టోలెన్స్ కారకం టోలెన్స్, గ్లూకోజ్ గొలుసులా కాక ఉంగరంలా చుట్టుకుని ఉండొచ్చు అన్నాడు. గొలుసు వెనక్కి వంగి, కింది కార్బన్లలో ఒకదాని మీదున్న ఓహెచ్ వచ్చి పైనున్న ఆల్డిహైడ్‌కి తగులుకుంటుంది. దాంతో ఆల్డిహైడ్ ఆల్డిహైడ్‌గా మిగలదు, హెమీఅసిటాల్ అవుతుంది. షిఫ్ పరీక్ష ఎందుకు రాదో ఇప్పుడు అర్థమవుతుంది.

అసలు కీలకం ఇంకొకటి. గొలుసులో ఉన్నప్పుడు ఒకటో కార్బన్‌కి ఎడమా కుడీ అనే తేడా లేదు, అది చదునైన ఆల్డిహైడ్. ఉంగరం మూసుకున్న క్షణంలో దాని మీద కొత్తగా ఒక ఓహెచ్ పుడుతుంది. ఆ ఓహెచ్ ఉంగరానికి కిందివైపు ఉండొచ్చు, పైవైపు ఉండొచ్చు. కిందివైపు ఉంటే ఆల్ఫా, పైవైపు ఉంటే బీటా. మిగతా కార్బన్లన్నీ రెండింటిలోనూ ఒకేలా ఉంటాయి. ఇలా ఒక్క ఒకటో కార్బన్ దగ్గర మాత్రమే తేడా ఉన్న జంటని ఆనోమర్లు అంటారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే పేపర్లలో మార్కులు పోయే చోటు ఇదే. చాలామంది ఆల్ఫా, బీటా రెండూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు అని రాస్తారు. కాదు. అంకెలే చెప్తున్నాయి. నిజంగా ప్రతిబింబాలైతే ఒకటి +112 తిప్పితే రెండోది −112 తిప్పాలి. రెండోది +19 తిప్పుతోంది. రెండూ కుడివైపుకే తిప్పుతున్నాయి, పరిమాణం మాత్రం వేరు. అంటే ఇవి ఎనాన్షియోమర్లు కాదు, డయాస్టీరియోమర్లు. అందుకే వీటి ద్రవీభవన స్థానాలు కూడా వేరుగా ఉన్నాయి.

సరే, రెండు రూపాలు ఉండొచ్చని కాగితం మీద తేలింది. చేతికి దొరికాయా? 1895లో ఛార్లెస్ టాన్రే అనే ఫ్రెంచ్ ఫార్మసిస్ట్ గ్లూకోజ్‌ని వేర్వేరు పరిస్థితుల్లో ఘనరూపంలోకి తెచ్చి చూశాడు. దొరికాయి. కానీ రెండు కాదు, మూడు! ఒకటి ఎక్కువ తిప్పేది, కరిగించాక దిగేది. ఒకటి తక్కువ తిప్పేది, కరిగించాక ఎక్కేది. ఇంకోటి కరిగించిన క్షణం నుంచీ 52.5 దగ్గర కదలకుండా ఉండేది. వీటికి ఆయన ఆల్ఫా, బీటా, గామా అని పేర్లు పెట్టాడు. కదలకుండా ఉండే మధ్యదానికి బీటా అని, ఎక్కేదానికి గామా అని.

మీరు కోడ్ రాసేవాళ్ళైతే ఈ బగ్ మీకు వెంటనే దొరుకుతుంది. ఒకటో కార్బన్ దగ్గర ఓహెచ్‌కి రెండే స్థానాలు ఉన్నాయి. రెండు విలువలే ఉండాల్సిన చోట మూడో విలువ వచ్చిందంటే, అందులో ఏదో ఒకటి అసలు విలువ కాదు. ఆ మధ్యదే మిశ్రమం. అది కదలకపోవడానికి కారణం అది స్థిరమైన కొత్త పదార్థం కావడం కాదు. అప్పటికే దిగాల్సినంత దిగి, ఎక్కాల్సినంత ఎక్కి ఉండటం. మార్పు ఆగిపోయినట్టు కనిపిస్తుంది, నిజానికి రెండువైపులా ఒకే వేగంతో జరుగుతూనే ఉంటుంది.

ఈ మాట స్పష్టంగా చెప్పినవాడు ఇంగ్లండ్‌కి చెందిన థామస్ మార్టిన్ లౌరీ, 1899లో. పేరు ఎక్కడో విన్నట్టుందా? ఆమ్ల క్షార సిద్ధాంతాల్లో బ్రాన్‌స్టెడ్-లౌరీ సిద్ధాంతం చదివారు కదా, ఆ లౌరీయే. అప్పుడాయన పనిచేస్తున్నది గ్లూకోజ్ మీద కాదు, కర్పూరం నుంచి తయారయ్యే నైట్రోకాంఫర్ మీద. దాని రీడింగ్ కూడా కరిగించాక మారుతోంది. రెండు రూపాలు ఒకదాన్లోకి ఒకటి మారుతూ సమతాస్థితికి చేరుతున్నాయని ఆయన గుర్తించి, బైరొటేషన్ అనే తప్పుడు పేరు తీసేసి మ్యుటారొటేషన్ అన్నాడు. రెట్టింపు కాదు, మారే భ్రమణం అన్నమాట. తర్వాత టాన్రే పెట్టిన పేర్లు సర్దుకున్నాయి. ఆయన గామా మన బీటా అయింది, ఆయన బీటా మిశ్రమంగా మిగిలిపోయింది.

ఇప్పుడు మీ జవాబులో ఉండే మూడు అంకెల్ని ఒక లెక్కగా చూడండి. 52.5 అనేది బట్టీ పట్టాల్సిన మూడో అంకె కాదు, మొదటి రెండు అంకెల సగటు. కాకపోతే సమాన సగటు కాదు. ద్రావణంలో ఆల్ఫా భాగం x అనుకుందాం, మిగతా 1 − x బీటా. అప్పుడు 112x + 19(1 − x) = 52.5 కావాలి. అంటే 93x = 33.5. x విలువ 0.36. సమతాస్థితిలో నూటికి 36 ఆల్ఫా, 64 బీటా. పుస్తకంలో వచ్చే 36, 64 శాతాలు ఇలా పుట్టాయి. తెరుచుకున్న గొలుసు రూపం కూడా ఉంటుంది, ఎందుకంటే ఆల్ఫా బీటాగా మారాలంటే ఉంగరం ఒకసారి తెరుచుకుని మళ్ళీ మూసుకోవాలి. కానీ దాని పరిమాణం ఎంత తక్కువంటే ఈ లెక్కలో వదిలేయొచ్చు.

ఇక్కడ రెండు సందేహాలు వస్తాయి, రావాలి కూడా. ఒకటి: గొలుసు రూపం అంత తక్కువైతే ఫెహ్లింగ్ పరీక్షలో ఎర్రని అవక్షేపం ఎలా వస్తుంది? ఫెహ్లింగ్ చర్య వెనక్కి తిరిగేది కాదు. ఉన్న కొద్ది గొలుసునీ తినేస్తుంది. ఆ లోటు పూడ్చడానికి ఇంకొన్ని ఉంగరాలు తెరుచుకుంటాయి, వాటినీ తినేస్తుంది. అలా మొత్తం అయిపోతుంది. NaHSO3తో చర్య వెనక్కి తిరిగే రకం, అందుకే అది గెలవలేదు. రెండో సందేహం: ద్రావణంలో 36 శాతమే ఆల్ఫా అయితే, మామూలుగా నీళ్ళలోంచి వచ్చే స్ఫటికాలు మొత్తం ఆల్ఫాయే ఎలా అవుతాయి? అదే కారణం. ఆల్ఫా స్ఫటికంగా బయటికి వెళ్ళిపోతుంటే, ఖాళీ అయిన చోటులోకి బీటా మారి వస్తూ ఉంటుంది. 371 కెల్విన్ దగ్గర వేడి సంతృప్త ద్రావణం నుంచి తీస్తే మాత్రం బీటా స్ఫటికాలు వస్తాయి.

ఇంకా ఒక ఖాళీ మిగిలే ఉంది, నాకు ఈ కథలో బాగా నచ్చిన భాగం అదే. రీడింగ్ మారుతోంది, రెండు రూపాలు ఉన్నాయి, సరే. కానీ ఆ రెండు రూపాలూ ఉంగరాలే అని రుజువు ఏది? 1893లో ఫిషర్ గ్లూకోజ్‌ని మెథనాల్, హైడ్రోజన్ క్లోరైడ్‌తో కలిపి మిథైల్ గ్లూకోసైడ్ తయారు చేశాడు. తర్వాతి ఏడాదే దాని రెండో రూపం కూడా దొరికింది. ఒకటో కార్బన్ మీదున్న ఓహెచ్ బదులు ఇందులో ఓమిథైల్ ఉంటుంది. అంటే ఉంగరానికి తాళం వేసినట్టే, తెరుచుకోలేదు. కాబట్టి వీటికి మ్యుటారొటేషన్ ఉండదు, నీళ్ళలో రీడింగ్ కదలదు. ఇవి ఉంగరాలని ఒప్పుకున్నారు. ఫిషర్ ఇంకోటి కూడా చూశాడు. ఈస్ట్‌లో ఉండే మాల్టేజ్ అనే ఎంజైమ్ ఆల్ఫా గ్లూకోసైడ్‌ని మాత్రమే విడగొడుతుంది. బాదం నుంచి తీసే ఎమల్సిన్ బీటాని మాత్రమే విడగొడుతుంది. 1894లో ఆయన చెప్పిన తాళం, తాళంచెవి పోలిక పుట్టింది ఇక్కడే.

1903లో ఎడ్వర్డ్ ఫ్రాంక్లండ్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ రెండు ఎంజైమ్‌లనూ పనిముట్లుగా వాడుకున్నాడు. ఆయన ఆలోచన చాలా సూటిగా ఉంది. ఆల్ఫా గ్లూకోసైడ్‌ని మాల్టేజ్‌తో విడగొడితే గ్లూకోజ్ బయటికి వస్తుంది. ఉంగరం చెదరకుండా మిథైల్ మాత్రమే ఊడితే, ఆ వచ్చే గ్లూకోజ్ తాజా ఆల్ఫా గ్లూకోజ్ అయి ఉండాలి. కానీ మామూలు యాసిడ్‌తో, వేడితో విడగొడితే వచ్చిన గ్లూకోజ్ అక్కడికక్కడే మిశ్రమం అయిపోతుంది, ఏం వచ్చిందో తెలీదు. ఎంజైమ్ సున్నితంగా పనిచేస్తుంది కాబట్టి పట్టుకునే సమయం దొరుకుతుంది.

అందుకని ఎంజైమ్‌ని కాసేపు పనిచేయనిచ్చి, రీడింగ్ తీసుకుని, అప్పుడు కొంచెం అమోనియా వేశాడు. అమోనియా ఎందుకు? క్షారం ఉంటే మ్యుటారొటేషన్ గంటల నుంచి నిమిషాల్లోకి వచ్చేస్తుంది. అంటే గ్లూకోజ్ ఏ రూపంలో ఉన్నా ఒక్కసారిగా 52.5కి ఉరుకుతుంది. ఆ ఉరుకు ఏ వైపుకో చూస్తే చాలు, అంతకుముందు ఏ రూపంలో ఉందో తెలిసిపోతుంది. ఆల్ఫా గ్లూకోసైడ్, మాల్టేజ్ ఉన్న గొట్టంలో రీడింగ్ దిగింది. బీటా గ్లూకోసైడ్, ఎమల్సిన్ ఉన్న గొట్టంలో రీడింగ్ ఎక్కింది. అంతే. ఆల్ఫా గ్లూకోసైడ్ ఇచ్చింది ఎక్కువ తిప్పే గ్లూకోజ్, బీటా గ్లూకోసైడ్ ఇచ్చింది తక్కువ తిప్పే గ్లూకోజ్. గ్లూకోసైడ్లు ఉంగరాలైతే గ్లూకోజ్ రూపాలు కూడా ఉంగరాలే.

ఆ అమోనియా చిట్కా ఇప్పటికీ బతికే ఉంది. మందుల తయారీలో గ్లూకోజ్ నాణ్యత చూసే ఫార్మకోపియా పరీక్షలో భ్రమణం కొలిచే ముందు కొంచెం అమోనియా వేసి, అరగంట ఆగమంటారు. ఆగకుండా కొలిస్తే మంచి సరుకు కూడా ఎక్కువ రీడింగ్ చూపించి తేడాగా కనిపిస్తుంది. మీ కాలేజీ ల్యాబులో పోలారిమీటర్ ఉంటే, రీడింగ్ పావుగంట తేడాతో రెండుసార్లు తీయండి. రెండూ ఒకటే అయితేనే ఆ అంకెని రికార్డులో రాయండి.

చివరిగా ఉంగరం సైజు. మనం ఇవాళ గీసేది ఆరు మూలల ఉంగరం, అయిదు కార్బన్లు, ఒక ఆక్సిజన్. కానీ టోలెన్స్, ఫిషర్ ఇద్దరూ గీసింది అయిదు మూలలది, నాలుగో కార్బన్ ఓహెచ్ తగులుకున్నట్టు. ఆ కాలపు జవాబుల్లో అదే సరైన జవాబు. దీన్ని మార్చింది బర్మింగ్‌హామ్‌లో నార్మన్ హావర్త్, ఎడ్మండ్ హర్స్ట్, వాళ్ళ బృందం, 1926 ప్రాంతంలో.

వాళ్ళ పద్ధతి ఇలా ఉంటుంది. ఉంగరంలో ఉన్నప్పుడు ఖాళీగా ఉన్న ప్రతి ఓహెచ్‌కీ ఒక మిథైల్ టోపీ పెట్టేయాలి. ఉంగరం కట్టడంలో ఇరుక్కున్న ఆక్సిజన్‌కి మాత్రం టోపీ పెట్టడం కుదరదు. తర్వాత ఒకటో కార్బన్ టోపీని యాసిడ్‌తో ఊడదీస్తే ఉంగరం తెరుచుకోగలదు. తెరుచుకున్నప్పుడు టోపీ లేని ఓహెచ్ ఏ కార్బన్ మీద ఉందో, ఉంగరం కట్టింది ఆ కార్బనే. అది నాలుగోదా, అయిదోదా? నైట్రిక్ ఆమ్లంతో ఆక్సీకరిస్తే అణువు టోపీ లేని చోట తెగుతుంది. నాలుగో కార్బన్ దగ్గర తెగితే, వరసగా మూడు టోపీలున్న అయిదు కార్బన్ల ముక్క వచ్చే అవకాశమే లేదు. వాళ్ళకి దొరికింది సరిగ్గా అదే, ట్రైమెథాక్సీ గ్లూటారిక్ ఆమ్లం. రెండు, మూడు, నాలుగు కార్బన్ల మీద టోపీలు ఉన్నాయి. కాబట్టి ఖాళీది అయిదో కార్బన్, ఉంగరం ఆరు మూలలది. పైరాన్ అనే వలయ సమ్మేళనం పేరు మీద దానికి పైరనోజ్ అని పేరొచ్చింది. 1937లో హావర్త్‌కి నోబెల్ ఇచ్చినప్పుడు కార్బోహైడ్రేట్ల మీద, విటమిన్ సి మీద చేసిన పనికి కలిపి ఇచ్చారు. మనం గీసే పడుకున్న షడ్భుజి బొమ్మకి ఆయన పేరే ఉంది.

ఇంక మీకో లెక్క. ఎవరో స్వచ్ఛమైన బీటా గ్లూకోజ్‌ని నీళ్ళలో కరిగించి కాసేపు వదిలేశారు. విశిష్ట భ్రమణం ఇప్పుడు +37.6 చూపిస్తోంది. ఈ క్షణంలో ఆల్ఫా ఎంత శాతం ఉంది, ఒక చుక్క అమోనియా వేస్తే రీడింగ్ ఎటు పోతుంది? మొదటిదానికి జవాబు 20 శాతం రాకపోతే, పైన రాసిన సమీకరణంలో 52.5 బదులు 37.6 పెట్టి మళ్ళీ చేయండి. రెండోదానికి ఆర్మ్‌స్ట్రాంగ్ గొట్టాలు గుర్తు తెచ్చుకోండి.